కత్తిరించినా పోదు!

నాన్న విజయవాడలో, అమ్మాయి హైదరాబాద్ హాస్టల్లో. ఫీజు కట్టేశాననీ, రసీదు వచ్చేదాకా ఇది చూపించమనీ ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి పంపాలనుకున్నాడాయన. తెర పైభాగంలో ‘చెల్లింపు పూర్తయింది’ అన్న మాట, కట్టిన మొత్తం ఉన్నాయి. కిందేమో ఖాతా నంబరు, మిగిలిన నిల్వ, అంతకుముందు ఎవరెవరికి ఎంతెంత పంపాడో ఆ చిట్టా! అదంతా హాస్టల్ ఆఫీసు దాకా వెళ్లడమెందుకని, కింది భాగం కత్తిరించి పై ముక్కనే పంపాడు. తెరమీద చూస్తే ఆ ముక్క తప్ప మరేమీ లేదు. పని అయిపోయిందనుకున్నాడు.

మన ఇళ్లలో రోజూ జరిగే పనే ఇది. పాన్ కార్డు, హాల్ టికెట్, డాక్టరు చీటీ, పెళ్లి సంబంధాల ఫొటోలు... ఏది పంపాలన్నా అక్కర్లేని భాగం కత్తిరించేసి పంపుతాం. కాగితాన్ని కత్తెరతో కత్తిరిస్తే పడేసిన ముక్క మన చెత్తబుట్టలోనే ఉంటుంది, అవతలివాళ్ల చేతికి వెళ్లదు. ఫోన్లోనూ అంతే అనుకుంటాం. కానీ కొన్నిసార్లు మనం పడేశామనుకున్న ముక్క, పంపిన ఫైలు వెనకే అతుక్కుని వెళుతుంది. చూసే కళ్లకు కనపడదు, వెతికే చేతులకు దొరుకుతుంది!

ఇది ఊహ కాదు. 2023 మార్చిలో ప్రపంచమంతా తెలిసిన సంగతి.

ఆయన చిరునామా ఆయనకే దొరికింది

సైమన్ ఆరన్స్ అనే యువకుడు గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని ఒక లోపాన్ని గమనించి, 2023 జనవరి మొదట్లోనే ఆ సంస్థకు తెలియజేశాడు. ఆ ఫోన్లలో స్క్రీన్‌షాట్‌ను కత్తిరించడానికీ, మీద గీతలు గీయడానికీ ‘మార్కప్’ అనే పరికరం ఉంటుంది. దాంతో కత్తిరించిన చిత్రాల్లోంచి పోయిన భాగాన్ని తిరిగి తీయొచ్చన్నది ఆయన కనిపెట్టిన విషయం. ఆ ఫైళ్లలోంచి చిత్రాన్ని బయటికి లాగే దారి చూపినవాడు ఆయన మిత్రుడు డేవిడ్ బుకానన్. ఇద్దరూ కలిసి ఆ లోపానికి ‘ఎక్రోపలిప్స్’ అని పేరుపెట్టారు. కత్తిరింపునకు వాడే ‘క్రాప్’ అన్న మాటనూ, ప్రళయానికి ఇంగ్లిషువాళ్లు వాడే ‘అపొకలిప్స్’ అన్న మాటనూ కలిపి అల్లిన పేరది.

వాళ్లు చూపించిన ఉదాహరణలో ఒక బ్యాంకు కార్డు బొమ్మ ఉంది. కార్డు నంబరు మీద నల్లరంగు పూసి, చుట్టూ ఉన్న భాగాన్ని కత్తిరించి పంపారు. దాన్నుంచి తిరిగి తీసిన చిత్రంలో నల్లరంగు లేదు, నంబరు చక్కగా కనపడుతోంది! ఎందుకంటే ఫైలు వెనక మిగిలిపోయింది రంగు పూయకముందు నాటి పాత చిత్రం.

అంతకన్నా చిత్రం బుకానన్ సొంత అనుభవం. కబుర్లకు, ఫొటోలకు వాడే డిస్కార్డ్‌లో తాను గతంలో పెట్టిన చిత్రాలన్నిటినీ ఆయన వెతికించి చూసుకున్నాడు. ఒకచోట, ఈబేలో కొన్న వస్తువు ఇదీ అని చూపించడానికి ఆర్డరు మెయిల్‌లోంచి ఆ వస్తువున్న భాగం మాత్రమే కత్తిరించి పెట్టాడు. దాన్ని విప్పితే మెయిల్‌లోని ఆయన పూర్తి ఇంటి చిరునామా బయటపడింది. కంప్యూటర్ భద్రత బాగా తెలిసిన మనిషి కూడా తెలియకుండానే ఇల్లెక్కడో చెప్పేశాడన్నమాట!

క్యాసెట్‌లో పాత పాట

కత్తిరించింది మళ్లీ ఎలా వస్తుంది? ఇది అర్థం కావాలంటే కంప్యూటర్ తెలియనక్కర్లేదు, ఒకప్పటి టేప్ రికార్డర్ గుర్తుంటే చాలు.

గంట నిడివి ఉన్న పాత సినిమా పాటల క్యాసెట్ మీద ఓ అయిదు నిమిషాలు పాప పద్యం రికార్డు చేశారనుకోండి. మొదటి అయిదు నిమిషాలు పద్యం వినిపిస్తుంది. పాప ఆపేయగానే ఏమవుతుంది? మధ్యలోంచి పాత పాట అందుకుంటుంది. ఎందుకంటే కొత్త రికార్డింగు ఎంతవరకూ నడిచిందో అంతవరకే పాతది చెరిగింది. మిగతా టేపు ఎప్పటిలాగే ఉంది.

పిక్సెల్ ఫోన్లలో జరిగింది అచ్చంగా ఇదే. స్క్రీన్‌షాట్ తీయగానే ఫోన్‌లో ఒక ఫైలు తయారవుతుంది. కత్తిరించాక, చిన్నదైన కొత్త చిత్రాన్ని మార్కప్ అదే ఫైలు మీద మొదటినుంచీ రాస్తుంది. రాసే ముందు పాతదాన్ని పూర్తిగా చెరిపేయాలి. అది చెరపలేదు. దాంతో ముందు కొత్త చిత్రం, వెనక పాత చిత్రం తోక... రెండూ ఒకే ఫైల్లో ఉండిపోయాయి.

మన విజయవాడ నాన్న సంగతే చూద్దాం. లోపం సరిచేయని అలాంటి ఫోన్లోనే ఆయన ఆ పని చేశాడనుకుందాం. తెర మొత్తం తీసిన స్క్రీన్‌షాట్ 600 కిలోబైట్లు ఉంది. పైముక్క మాత్రం కత్తిరించాక కొత్త చిత్రం 120 కిలోబైట్లే అయింది. ఆ 120 వెళ్లి పాత ఫైల్లో మొదటి 120 కిలోబైట్ల మీద కూర్చుంటాయి. మిగతా 480 కిలోబైట్లూ అలాగే ఉంటాయి. ఫైల్లో చిత్రం పైవరసనుంచి కిందివరసకు వరుసగా రాసి ఉంటుంది. కాబట్టి చెరిగింది తెర పైభాగం, అంటే ఎలాగూ చూపించాలనుకున్నదే! మిగిలింది తెర కింది భాగం... ఖాతా నంబరు, నిల్వ, చిట్టా. దాచాలనుకున్నదంతా భద్రంగా ఉంది.

మరి అమ్మాయి ఫోన్లో తెరిస్తే ఆ తోక ఎందుకు కనపడదు? స్క్రీన్‌షాట్లు ఎక్కువగా పీఎన్‌జీ అనే పద్ధతిలో ఉంటాయి. అలాంటి ప్రతి చిత్రం చివరా IEND అనే నాలుగక్షరాల గుర్తుంటుంది. ‘చిత్రం ఇక్కడితో సరి’ అని దానర్థం. ఫొటోలు చూపించే ఏ యాప్ అయినా ఆ గుర్తు రాగానే ఆగిపోతుంది. పద్యం అవగానే స్టాప్ బటన్ నొక్కినట్టన్నమాట. తర్వాత టేపులో ఏముందో అది వినదు. వినాలనుకున్నవాళ్లు మాత్రం బటన్ నొక్కకుండా ముందుకు వెళ్తారు.

ఒక్క అక్షరం తేడా

ఇంత పెద్ద కథకూ కారణం ఒక్క అక్షరం! ఆండ్రాయిడ్‌లో ఏ ప్రోగ్రామైనా ఫైలు తెరిచేటప్పుడు ఎందుకు తెరుస్తున్నదీ చెప్పాలి. రాయడానికైతే w అని రాస్తారు. ‘పాతదంతా కొట్టేసి రాయి’ అని చెప్పాలంటే wt అనాలి. అందులో t అంటే పాత ఫైలును సున్నాకు తెగ్గొట్టమని. మార్కప్ రాసినవాళ్లు w మాత్రమే రాశారు.

అయితే వాళ్లదొక్కరిదే తప్పనలేం. ఆండ్రాయిడ్ పాత రూపాల్లో w అంటే చాలు, పాతది దానంతటదే చెరిగేది. చాలా కంప్యూటర్ భాషల్లో ఇప్పటికీ అంతే. మధ్యలో ఆండ్రాయిడ్ ఆ తీరు మార్చుకుంది. మార్చినట్టు ఆ వివరాలు ఉండే పత్రాల్లో వెంటనే రాయలేదు. నిన్నటిదాకా సరిగ్గా పనిచేసిన మాట ఒక రోజునుంచి అర్థం మార్చుకుంది. చిత్రం మాత్రం తెరమీద బాగానే కనపడుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఖాతా పుస్తకంలో ‘డిటో’లు

తోక మిగిలినంత మాత్రాన చిత్రం దొరికినట్టేనా? మామూలుగా అయితే కాదు. పీఎన్‌జీ చిత్రం ఉన్నదున్నట్టు రాసి ఉండదు, కుదించి ఉంటుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ఒకసారి ‘కందిపప్పు’ అని రాసి, కింద వరసల్లో ‘డిటో’, ‘డిటో’ అని గీస్తారు చూడండి... అదే కిటుకు. ‘ఇక్కడ రంగు ఇంతకుముందు ఉన్నదే’ అని వెనక్కి చూపిస్తూ రాస్తే చోటు ఆదా అవుతుంది. ఇప్పుడా పుస్తకంలో మొదటి పేజీలు చిరిగిపోయాయి. చేతిలో ఉన్న పేజీల నిండా డిటోలే. దేనికి డిటోనో తెలిసేదెలా?

బుకానన్ తెలివంతా ఇక్కడే కనపడింది. కుదించిన సమాచారం ఒకే ముద్దగా ఉండదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ప్రతి పెద్ద ముక్కా దాన్ని విప్పే తాళంచెవిని తన మొదట్లోనే పెట్టుకుంటుంది. కాబట్టి మధ్యలో ఎక్కడో ఒక ముక్క మొదలు పట్టుకోగలిగితే అక్కడినుంచి చివరిదాకా చదువుకోవచ్చు. ఆ మొదలు ఎక్కడుందో ఎవరూ చెప్పరు. అందుకని ఆయన ప్రోగ్రాము తోకలోని ఒక్కో బిట్ దగ్గరా ఆగి ‘ఇక్కడ మొదలెడితే చివరిదాకా తప్పు రాకుండా విప్పగలనా?’ అని ప్రయత్నిస్తూ పోతుంది. కంప్యూటర్‌కు అదేమంత పని కాదు. సరైన చోటు తగలగానే అంతా గడగడా విడిపోతుంది.

చిరిగిన పేజీలకు చేయిచూపే డిటోల సంగతో? ఆ పద్ధతిలో వెనక్కి చూడటానికి ఒక హద్దుంది. 32 కిలోబైట్లకు మించి వెనక్కి చూపకూడదు. కాబట్టి మొదట్లో కొన్ని వరసల్లో తెలియనిచోట ఏదో ఒక రంగు నింపేసుకుంటూ పోతారు. కాసేపటికి కొత్త రంగులు, కొత్త అక్షరాలు వస్తాయి. వాటికి డిటోలు సరిగ్గా కుదురుతాయి. అలా దొరికిన చిత్రంలో పైన కాస్త చెదిరిన గీతలుంటాయి, ఆ కింద అంతా స్పష్టంగా కనపడుతుంది. చిత్రం వెడల్పెంతో తెలియాలి కదా అంటే, అదీ కష్టం కాదు. ఏ మోడల్ ఫోనో తెలిస్తే తెర కొలత తెలిసినట్టే.

అన్నిసార్లూ ఇలా దొరుకుతుందనుకోనక్కర్లేదు. కత్తిరించాక వచ్చిన ఫైలు పాతదానికన్నా పెద్దదైతే తోకంటూ మిగలదు. పైభాగాన్ని దాచి కిందిముక్క పంపితే, దాచిన పైభాగమే ముందుగా చెరిగిపోతుంది. చిన్న ముక్క ఉంచి ఎక్కువ భాగం కత్తిరించినప్పుడే ప్రమాదం ఎక్కువ. మనం దాచాలనుకున్నది ఎంత ఎక్కువైతే మిగిలేదీ అంత ఎక్కువన్నమాట!

విండోస్‌లోనూ అదే కథ

పిక్సెల్ వార్త వచ్చిన నాలుగైదు రోజులకే ఇంకో పిడుగు పడింది. విండోస్ 11లో స్క్రీన్‌షాట్లు తీసే స్నిప్పింగ్ టూల్, విండోస్ 10లో ఉన్న స్నిప్ అండ్ స్కెచ్... ఈ రెండిట్లోనూ అలాంటి లోపమే ఉందని తేలింది. రెండు సంస్థలు, రెండు వేర్వేరు ప్రోగ్రాములు, పొరపాటు మాత్రం ఒక్కటే. పాత ఫైలు మీద కొత్తది రాసి తోక తెగ్గొట్టలేదు.

అయితే విండోస్‌లో అది జరగడానికి ఒక వరస ఉంది. స్క్రీన్‌షాట్ తీసి ఫైలుగా భద్రపరచాలి. మళ్లీ దాన్నే కత్తిరించి, అదే పేరుతో అదే ఫైలు మీద సేవ్ చేయాలి. లేదా ఉన్న చిత్రాన్ని అందులో తెరిచి, కత్తిరించి, దానిమీదే సేవ్ చేయాలి. కొత్త పేరుతో సేవ్ చేసినవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఫైలుగా దాచకుండా కాపీ చేసి నేరుగా మెయిల్లో అతికించినవాళ్లకూ లేదు.

గూగుల్ 2023 మార్చి అప్‌డేట్‌లో పిక్సెల్ లోపాన్ని సరిచేసింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే నెలలో స్టోర్ ద్వారా తన రెండు పరికరాలకూ దిద్దుబాటు పంపింది. అప్పటినుంచీ అప్‌డేట్ చేసుకుంటూ వస్తున్నవాళ్ల కొత్త స్క్రీన్‌షాట్లకు ఈ బెడద లేదు. కానీ అప్‌డేట్ అన్నది ఇకముందు తీయబోయే చిత్రాలకే. అంతకుముందు కత్తిరించి మెయిల్లో పంపినవీ, డ్రైవ్‌లో పెట్టినవీ, ఎవరి కంప్యూటర్లోనో ఉండిపోయినవీ తోకతోనే ఉంటాయి. వాటిని ఏ అప్‌డేటూ వెనక్కి తేలేదు.

పంపిన దారిని బట్టి కూడా తేడా ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే, అది చిత్రాన్ని కుదించి కొత్తగా తయారుచేసి పంపుతుంది. ఆ పనిలో తోక ఊడిపోతుంది. అదే చిత్రాన్ని ‘డాక్యుమెంట్’గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది, తోకతో సహా! మెయిల్‌కు జోడించినా అంతే. అక్షరాలు మసకబారకూడదని చాలామంది డాక్యుమెంట్‌గానే పంపుతారు. డిస్కార్డ్ కూడా 2023 జనవరి మధ్య దాకా చిత్రాలను ఉన్నదున్నట్టే ఉంచేది. బుకానన్ చిరునామా దొరికింది అందుకే.

పాత ఫైళ్లను ఎలా గుర్తుపట్టాలి?

అనుమానం ఉన్న పాత స్క్రీన్‌షాట్లను కంప్యూటర్లో పెట్టుకుని చూస్తే రెండు గుర్తులు పట్టిస్తాయి.

మొదటిది బరువు. చిత్రం మీద మౌస్‌తో కుడివైపు నొక్కి, ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. రెండు వరసల అక్షరాలున్న చిన్న ముక్క అరమెగాబైటు పైన ఉంటే అనుమానించాలి. కత్తిరించకముందు ఎంత సైజు ఉందో, కత్తిరించి సేవ్ చేశాక కూడా అక్షరం తేడా లేకుండా అంతే ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు. బస్తాలోంచి సగం బియ్యం తీసేశామంటున్నారు, తూకం మాత్రం తగ్గలేదు!

రెండోది IEND గుర్తు. పీఎన్‌జీ చిత్రం నకలు ఒకటి తీసుకుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెరంతా అర్థంకాని గీతలు, గుర్తులు వస్తాయి, కంగారుపడనక్కర్లేదు. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి IEND అని వెతకండి. మామూలు చిత్రంలో అది చిట్టచివర ఒక్కసారే ఉంటుంది. మధ్యలో ఒకసారి వచ్చి, ఆ తర్వాత బోలెడు సరుకుండి, చివర మళ్లీ కనిపిస్తే... మొదటిది కొత్త చిత్రానిది, రెండోది పాత తోకది. చూశాక సేవ్ చేయకుండా మూసేయాలి. లేకపోతే ఆ నకలు పాడవుతుంది.

కత్తిరింపు కాదు... మడత

ఇంతవరకూ చెప్పుకున్నది పొరపాటు. తోక మిగలాలని ఎవరూ కోరుకోలేదు. కానీ కత్తిరించిన భాగాన్ని కావాలనే దాచిపెట్టే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. ఈ రెండోరకమే ఇప్పటికీ మన ఇళ్లల్లో, ఆఫీసుల్లో రోజూ జరుగుతున్నది.

వర్డ్‌లోనో పవర్‌పాయింట్‌లోనో ఫొటో పెట్టి అంచులు కత్తిరిస్తే, అవి పోవు. కాగితాన్ని వెనక్కి మడిచినట్టు దాగి ఉంటాయి, అంతే. రేపు మీరే మనసు మార్చుకుని ఇంకాస్త చూపించాలనుకుంటే ఉండాలి కదా అని ఆ ఏర్పాటు. కానీ ఆ ఫైలు అందుకున్నవాళ్లు కూడా బొమ్మ మీద నొక్కి, మళ్లీ క్రాప్ అంటే చాలు, మడత విడిపోతుంది. బుకానన్ తెలివితేటలేమీ అక్కర్లేదు, ఆరో తరగతి పిల్లాడైనా విప్పేస్తాడు. గూగుల్ డాక్స్‌లోనూ అంతే, మార్చే అనుమతి ఉన్నవాళ్లెవరైనా చిత్రాన్ని మొదటి రూపానికి తెచ్చేయొచ్చు.

ఐఫోన్ ఫొటోల యాప్ కూడా అసలు చిత్రాన్ని పక్కన దాచుకునే కత్తిరిస్తుంది. అందుకే ఎన్నాళ్లకైనా ‘రివర్ట్’ అంటే పాతది వచ్చేస్తుంది. మామూలుగా పంపితే కత్తిరించిన రూపమే వెళుతుంది. ఎయిర్‌డ్రాప్‌లో పంపేటప్పుడు ఆప్షన్స్‌లో All Photos Data అన్నది ఎంచుకుని ఉంటే మాత్రం అసలుది కూడా వెంట వెళుతుంది.

నంబరు మీద గీసే నల్లగీతలోనూ ఒక మోసం ఉంది. ఫోన్లలో ఉండే హైలైటర్ కలం గాజులాంటిది. నల్లరంగుతో మూడునాలుగుసార్లు రుద్దితే ఏమీ కనపడట్లేదనిపిస్తుంది. ఆ చిత్రం వెలుతురు పెంచి చూస్తే లోపలి అంకెలు మళ్లీ తేలొచ్చు. దాచడానికి హైలైటర్ కాదు, లోపల నిండిన నల్లటి పెట్టె గీయాలి.

చదును చేయడం ఎలా?

లోపం ఏదైనా, మడత ఏదైనా... విరుగుడు ఒక్కటే. కళ్లకు కనిపించే చుక్కలు మాత్రమే ఉన్న కొత్త ఫైలును తయారుచేసి, దాన్ని పంపడం. పొరలు, మడతలు, తోకలు లేకుండా ఒకే పలకగా మార్చడం కాబట్టి దీన్ని ‘ఫ్లాటెన్’ అంటారు, చదును చేయడమన్నమాట. ఇందుకు కొత్త యాప్‌లేవీ కొననక్కర్లేదు.

ఫోన్లో అయితే: ముందు చిత్రాన్ని కావలసినట్టు కత్తిరించండి. దాచాల్సినచోట నిండు నల్లపెట్టె గీయండి. సేవ్ చేయండి. ఇప్పుడా కత్తిరించిన చిత్రాన్ని తెర నిండుగా తెరిచి, దానికే ఇంకో స్క్రీన్‌షాట్ తీయండి. ఈ రెండో స్క్రీన్‌షాట్‌నే పంపండి. తెరమీద కనపడింది మాత్రమే ఇందులోకి వస్తుంది. చుట్టూ ఉన్న నల్ల అంచులు బాగోలేదని మళ్లీ కత్తిరించినా ఫరవాలేదు. ఏ పొరపాటు జరిగినా బయటపడేది ఆ నల్ల అంచులే! కాకపోతే రెండో స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన ఎవరిదైనా మెసేజ్ వచ్చి పడిందేమో చూసుకోవాలి. అక్షరాలు కాస్త మసకబారొచ్చు కూడా, చిన్న అక్షరాలుంటే పెద్దవి చేసి తీయండి.

విండోస్ కంప్యూటర్లో అయితే: అసలు కత్తిరించే పనే లేకుండా చేసుకోవచ్చు. విండోస్, షిఫ్ట్, ఎస్ మీటలు కలిపి నొక్కితే తెర మసకబారుతుంది. కావలసిన ముక్క చుట్టూ మాత్రమే మౌస్‌తో గీసి, దాన్ని నేరుగా మెయిల్లో అతికించేయండి. తీయని భాగం ఫైల్లోకి రాదు, దాచాల్సిన అవసరమూ ఉండదు.

ముందే ఉన్న చిత్రమైతే పెయింట్‌లో తెరవండి. సెలెక్ట్ నొక్కి కావలసిన భాగం చుట్టూ గీసి, కంట్రోల్, సి నొక్కండి. కంట్రోల్, ఎన్ నొక్కితే ఖాళీ కాగితం వస్తుంది. దాని మూల పట్టుకుని లోపలికి లాగి చిన్నది చేయండి, లేకపోతే చుట్టూ తెల్లచోటు మిగులుతుంది. కంట్రోల్, వి నొక్కితే ముక్క వచ్చి కూర్చుంటుంది. దాన్ని కొత్త పేరుతో సేవ్ చేయండి. ‘ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, దానిమీదే రాయమంటారా?’ అని అడిగితే వద్దనండి. కథంతా మొదలైంది అక్కడే కదా!

వర్డ్, పవర్‌పాయింట్‌లలో అయితే: బొమ్మ మీద ఒకసారి నొక్కితే పైన Picture Format అన్న పట్టీ వస్తుంది. అందులో Compress Pictures నొక్కండి. వచ్చిన చిన్న కిటికీలో Delete cropped areas of pictures అన్నచోట టిక్కు ఉండాలి. Apply only to this picture అన్నచోట టిక్కు తీసేస్తే ఆ ఫైల్లోని బొమ్మలన్నిటికీ వర్తిస్తుంది. ఓకే కొట్టి, ఫైలు సేవ్ చేయండి. దీంతో మడతలు నిజంగానే తెగిపోతాయి. తర్వాత మీకు కావాలన్నా దొరకవు, అందుకని అసలు ఫొటో వేరేగా దాచుకోండి. నంబరు మీద వర్డ్‌లో నల్లపెట్టె అతికించి ఉంటే మాత్రం ఈ టిక్కు సరిపోదు. పెట్టెను పక్కకు జరిపితే కింద నంబరు అలాగే ఉంటుంది. నల్లపెట్టె పని ముందే పెయింట్‌లో ముగించి, చదునైన బొమ్మనే వర్డ్‌లో పెట్టాలి.

పంపబోయే ముందు మళ్లీ ఒకసారి సైజు చూడండి. చదును చేసిన ముక్క అసలుదానికన్నా బాగా తేలికగా ఉండాలి. ఇంకొకటి... గ్యాలరీలో ఇప్పుడు అసలుదీ, కత్తిరించిందీ, చదును చేసిందీ మూడూ పక్కపక్కనే ఒకేలా కనపడుతుంటాయి. తొందరలో వేలు పక్కదాని మీద పడితే ఇంత శ్రమా వృథా. పంపాల్సినదాన్ని తెరిచి, అక్కడినుంచే పంపడం మేలు.

విజయవాడ నాన్న ఇవన్నీ చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. హాస్టల్ ఆఫీసుకు ‘చెల్లింపు పూర్తయింది’ అన్న ముక్క చేరుతుంది. దాని వెనక ఏ పాత పాటా మిగలదు.